గడువు ఎవరి చేతిలో ఉంది?

పిల్లలు బడికెళ్ళాక ఇల్లాలికి పగలంతా ఖాళీయేగా, ఏదో ఒక పని చూసుకోవచ్చు కదా అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. అందులో సగం నిజం ఉంది. పొద్దున 8.30కి వ్యాను కదిలిందంటే మళ్ళీ మధ్యాహ్నం మూడు దాటేదాకా ఇంట్లో పిల్లల అలికిడి ఉండదు. ఆ సమయాన్ని నాలుగు రూపాయలుగా మార్చుకోవాలని, ఫీజుకో చీటీకో తన చేతి డబ్బు కట్టాలని ఏ తల్లికైనా అనిపించడం న్యాయమే. అయితే పని వెతికేటప్పుడు అందరూ మొదట అడిగేది ఒకటే ప్రశ్న, దేనికి ఎంత వస్తుందని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ పనికి గడువు పెట్టేది ఎవరు? మధ్యలో ఆపేస్తే ఏం పాడవుతుంది? బడివేళల్లో మాత్రమే తీరిక దొరికే మనిషికి కరువైనది గంటలు కాదు, అడ్డు లేకుండా సాగే గంటలు. ఆ గంటలు ఏ రోజు దొరుకుతాయో, ఏ రోజు దొరకవో ముందుగా చెప్పలేం. అందుకే కూలి కాస్త తక్కువైనా సరే, గడువు తన చేతిలో ఉండే పనే ఆమెకు నిలుస్తుంది.

ముందు ఆ ఖాళీ ఎంతో కొలవాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. జిల్లా కేంద్రంలాంటి ఊరు, ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరో తరగతి, 4.30కి వస్తుంది. చిన్నవాడు రెండో తరగతి, 3.15కే వీధి మలుపులో వ్యాను దిగుతాడు. ఇద్దరూ ఇంట్లో లేని వేళే అసలు ఖాళీ కాబట్టి, ముందు వచ్చేవాడి గంటే లెక్కకు ముగింపు. ఇటు మొదలు కూడా 8.30 కాదు. అంట్లు, బట్టలు, ఊడ్చి తుడవడం, కుళాయి వచ్చే ఊళ్ళో నీళ్ళు పట్టడం అయ్యేసరికి 10.30 అవుతుంది. అక్కణ్ణుంచి ఒంటిగంట దాకా ఒక విడత. తిని, కాసేపు నడుం వాల్చి లేస్తే 1.45 నుంచి మూడింటి దాకా రెండో విడత. మొత్తం 3 గంటల 45 నిమిషాలు, అదీ రెండు ముక్కలుగా. చూసేవాళ్ళకు ఏడు గంటలుగా కనిపించింది దాదాపు సగానికి దిగింది. తరిగిపోయినదంతా ఎక్కడికి వెళ్ళిందో 2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో కనిపిస్తుంది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు.

రోజు లెక్క తేలాక ఏడాది లెక్క కూడా చూడాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి ఏడాదికి అయిదో తరగతి దాకా కనీసం 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా కనీసం 220 రోజులు నడవాలి. మన దగ్గర వేసవి సెలవుల తర్వాత బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు పెడతారు. ఒంటిపూట బడంటే 12.30కే వదిలేస్తారు, పిల్లలు ఇంటికొచ్చి అన్నం అడుగుతారు. అంటే పైన చెప్పిన రెండో విడత పూర్తిగా పోతుంది, మొదటిదాంట్లోనూ కొంత తెగుతుంది. 220 రోజుల్లోంచి ఒంటిపూట రోజులు ఒక ముప్ఫై తీసేసి, జ్వరాలకు, పెళ్ళి పేరంటాలకు మరో ఇరవై వదిలేస్తే మిగిలేవి 170 నిండు రోజులు. అవి జూన్ నుంచి మార్చి దాకా ఉన్న తొమ్మిది నెలల్లో సర్దుకుంటాయి, నెలకు 18కి తగ్గకుండా. ఆమె చేతిలో ఉన్న అసలు పెట్టుబడి ఇదే, తొమ్మిది నెలల పాటు నెలకు సుమారు 67 గంటలు. ఇంతకుమించి అడిగే పని ఏదైనా నిద్రలోంచి తీసుకుంటుంది, లేదా పిల్లల సాయంత్రంలోంచి తీసుకుంటుంది.

ఈ కొలబద్దతో చుట్టూ దొరికే పనులను చూస్తే కొన్ని వెంటనే పక్కకు తప్పుకుంటాయి. బట్టల దుకాణంలో కొలువు పదింటి నుంచి రాత్రి ఏడింటి దాకా ఉంటుంది కాబట్టి దాని ఊసే లేదు. ఆఫీసులకు భోజనం క్యారియర్లు పంపడం చూడ్డానికి పగటి పనే. కానీ ఆ భోజనం 12.30కల్లా చేరాల్సిందే, బిడ్డకు ఒళ్ళు కాలిపోతున్న రోజైనా సరే. ఒక్క పూట తప్పితే నలుగురు ఆకలితో ఉంటారు, మర్నాటి నుంచి వేరేచోట చెప్పుకుంటారు. అదే వంటచేతితో నువ్వుల పొడో కరివేపాకు పొడో చేసి అమ్మితే ఆ చిక్కు లేదు. ఈ రోజు కుదరకపోతే రేపు వేయించుకోవచ్చు, సరుకు డబ్బాలో నిలవ ఉంటుంది. ఆవకాయ మాత్రం దానికి విరుద్ధం. మామిడికాయ కోతకొచ్చేదే పిల్లలకు సెలవులిచ్చే వేసవిలో. ట్యూషన్లు చెప్పాలంటే పక్కింటి పిల్లలు వచ్చేది అయిదింటికి, సొంత పిల్లలు పుస్తకాలు ముందేసుకునే వేళకే. బడి క్యాలెండరుతో అచ్చంగా కలిసి నడిచే పని బడిలోనే ఉంది. మధ్యాహ్న భోజనం వండడం అలాంటిది. సెలవు రోజున పొయ్యి వెలిగించే పనే ఉండదు. కాకపోతే కేంద్ర నిబంధన గౌరవ వేతనాన్ని నెలకు 1,000 రూపాయలుగా, అదీ ఏడాదికి పది నెలలకే లెక్కగట్టింది. రాష్ట్రాలు పైన కలిపి ఇస్తున్నా అది ఇల్లు నడిచే మొత్తం కాదు. ఇక ఫోన్లో వచ్చే ‘ఇంట్లో కూర్చుని టైపింగ్’ ప్రకటనల్లో చాలావరకు పనే ఉండదు. రిజిస్ట్రేషనుకో కిట్టుకో ముందుగా డబ్బు కట్టమన్నారంటే అక్కడితో ఆగిపోవాలి. అప్పటికే కట్టి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.

అన్నిటినీ వడపోశాక నాకు ఎక్కువ నమ్మకం కుదిరేది జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్ వేయడం మీద. అవి పాతకాలపు పనులనో, ఆడవాళ్ళ పనులనో కాదు, ఆ పని తనంతట తానే ముక్కలుగా విడిపోతుంది కాబట్టి. లైనింగ్ జాకెట్టునే తీసుకోండి. ఆది జాకెట్టు పరిచి కొలతలు తీసుకోవడం, గుడ్డ మీద గీయడం, కత్తిరించడం మొదటి భాగం. ఇక్కడ దృష్టి చెదిరితే గుడ్డ పోయినట్టే. చంక దగ్గర అరంగుళం ఎక్కువ తెగితే మళ్ళీ అతకదు, అదే గుడ్డ బజారులో దొరకదు. కాబట్టి కటింగుకు 10.30 నుంచి సాగే మొదటి విడతే కావాలి, ఫోను పక్కన పెట్టేసి రెండు మూడు జాకెట్లు ఒకేసారి కత్తిరించుకోవాలి. మిషను మీద కుట్టడం రెండో భాగం. భుజాలు కలిపాక ఆపవచ్చు, చేతులు ఎక్కించాక ఆపవచ్చు. ఎవరో తలుపు తడితే లేచి వచ్చి మళ్ళీ అక్కణ్ణుంచే అందుకోవచ్చు. అంచులు మడిచి చేత్తో కుట్టడం, హుక్కులు, కాజాలు మూడో భాగం. దీనికి మనసు పెద్దగా పెట్టనక్కర్లేదు. పిల్లవాడు ఎక్కం అప్పజెబుతుంటే వింటూ కూడా చేసుకోవచ్చు. ఫాల్ పని ఇంకా సులువుగా ముక్కలవుతుంది. ఫాల్ గుడ్డను ముందురోజు రాత్రే నీళ్ళలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టుకోవాలి. ఈ ఒక్క మెట్టు దాటేస్తే మొదటి ఉతుకులోనే ఫాల్ ముడుచుకుపోయి చీర అంచు కుచ్చుకుచ్చులుగా లేస్తుంది, ఆ చీర తిరిగి మన గుమ్మానికే వస్తుంది. కుట్టడం మొదలయ్యాక మాత్రం ఏ కుట్టు దగ్గరైనా సూది గుచ్చి లేచిపోవచ్చు. ఆ సూది చీరకు కాకుండా దిండుకు గుచ్చడం, రాలిన హుక్కులను చిన్నవాడు రాకముందే ఏరేయడం కూడా ఈ పనిలో భాగమే.

డబ్బు లెక్క ఇప్పుడు చూద్దాం. కుట్టుకూలి ఊరిని బట్టి, వీధిని బట్టి మారుతుంది కాబట్టి లైనింగ్ జాకెట్టుకు 400 అనుకుందాం. లైనింగ్ గుడ్డ వాళ్ళదే. దారం, హుక్కులు, కరెంటు కలిపి 30 పోతే 370 మిగులుతుంది. చేయి తిరిగిన మనిషికి కటింగుకు 40 నిమిషాలు, మిషను మీద 2 గంటలు, చేతిపనికి 45 నిమిషాలు పడుతుందనుకోండి. చేతిపని సాయంత్రానికి నెట్టేస్తే బడివేళలో ఒక్కో జాకెట్టుకు కావాల్సింది 2 గంటల 40 నిమిషాలు. నెలకు దొరికే 67 గంటల్లో కొలతలకు వచ్చేవాళ్ళతో మాటలకు, బజారుకు, బిగుతు వదులు సరిచేయడానికి 15 గంటలు తీసేయాలి. మిగిలిన 52 గంటల్లో 19 జాకెట్లు తెములుతాయి, చేతికి 7,000 వస్తుంది. సాయంత్రం చేతిపని కూడా కలిపి చూస్తే గంటకు 87 రూపాయలు పడింది. దుకాణంలో రోజుకు 9 గంటల చొప్పున 26 రోజులు నిలబడితే 9,000 ఇస్తారనుకున్నా, గంటకు పడేది 38 రూపాయలే. నెలాఖరున చూస్తే దుకాణం జీతమే ఎక్కువ, గంటగంటకు చూస్తే కుట్టుపనే రెట్టింపు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు మాత్రం ఒక్కో జాకెట్టుకు రెట్టింపు సమయం పడుతుంది, మొదటి నెలల్లో వచ్చేది ఇందులో సగమే. మోటారుతో కలిపి మిషనుకు పదీ పన్నెండు వేలు పెడితే అది తిరిగి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుందని ముందే అనుకుని దిగాలి.

ఇంత బాగా కుదిరిన పని కూడా చెడిపోయేది పండగ దగ్గరే. ఆషాఢంలో తగ్గింపు ధరలకు కొన్న చీరలు శ్రావణమాసానికి, వరలక్ష్మీ వ్రతానికి తయారు కావాలి. అప్పుడు బడులు నిండుగా నడుస్తుంటాయి కాబట్టి ఈ ఇల్లాలికి ఏడాదిలో అదే మంచి కాలం. దసరా, సంక్రాంతి, వేసవి ముహూర్తాలు అలా కాదు. పని ఎగబడి వచ్చేదీ అప్పుడే, పిల్లలు ఇంట్లో ఉండేదీ అప్పుడే. దసరాకు బడులు రెండు వారాల దాకా మూసేస్తారు. పండగకు నాలుగు రోజుల ముందు వచ్చిన చీరలన్నీ ఒప్పుకుంటే అవి కుట్టాల్సింది సెలవుల్లో, పిల్లలు పడుకున్నాక. దీనికి ఒకే మందు ఉంది, ఆర్డర్లు ఆపే తేదీ పెట్టుకోవడం. బడికి సెలవులిచ్చే రోజు నుంచి వెనక్కి పది బడిరోజులు లెక్కపెట్టి, ఆ తేదీ దాటాక పండగకు ఇస్తానని ఎవరికీ మాట ఇవ్వకూడదు. సెలవుల్లో కావాలంటే ఫాల్ లాంటి చేతిపని మాత్రం ఒప్పుకోవచ్చు. పని చేయి దాటిపోతోందని తెలియడానికి పెద్ద ఆనవాళ్ళు అక్కర్లేదు. కుట్టడం పూర్తయి హుక్కుల కోసం ఆగిన జాకెట్లు అయిదారు పోగుపడ్డాయంటే సాయంత్రాలు నిండిపోయాయని అర్థం. రాత్రి పదింటికి మిషను చప్పుడు వినిపిస్తోందంటే గడువు ఆమె చేతిలోంచి జారిపోయిందని అర్థం.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనది. మగవాళ్ళు పని పంచుకోకుండా, మిగిలిన తునకల్లో నువ్వే సర్దుకో అని ఆడవాళ్ళకు చెప్పడం అన్యాయం కాదా? అన్యాయమే. 289 నిమిషాలకు 88 నిమిషాలు ఎదురుగా కనిపిస్తుంటే వేరే మాట అనలేం. కానీ ఈ లెక్క ఆ అన్యాయాన్ని కప్పిపెట్టదు, దానికి ధర కట్టి చూపిస్తుంది. భర్త పొద్దున నీళ్ళు పట్టి, బట్టలు మిషన్లో వేసి ఆరేసి వెళితే ఆమెకు రోజుకు 45 నిమిషాలు కలిసొస్తుంది. నెలకు 18 రోజులంటే 13 గంటల పైమాట, మరో అయిదు జాకెట్లు, దాదాపు 1,850 రూపాయలు. సాయం చేయమని అడిగితే మొహమాటాల్లోనో కోపతాపాల్లోనో తేలిపోయే సంగతి, ఇలా కాగితం మీద పెడితే ఇంటి బడ్జెట్టులో అంశం అవుతుంది. ఆమె సంపాదన వద్దనుకునే ఇల్లు ఎంత పోగొట్టుకుంటోందో కూడా అక్కడే తేలుతుంది.

రెండో అభ్యంతరం, గడువు నేను పెడతానంటే గిరాకీ ఎక్కడ నిలుస్తుంది, వాళ్ళు ఇంకో టైలరు దగ్గరికి పోరా అని. కొందరు పోతారు. అయితే కుట్టేవాళ్ళ మీద జనానికి ఉన్న పెద్ద ఫిర్యాదు ఆలస్యం గురించి కాదు, రేపు రేపంటూ తిప్పించుకోవడం గురించి. పది రోజులని చెప్పి పదో రోజున చేతిలో పెట్టే మనిషి దగ్గరికి మళ్ళీ వస్తారు. పది బడిరోజులను ముందే లెక్కగట్టుకున్నవాళ్ళు ఆ మాట నిలబెట్టుకోగలరు. కొలతలు ఇవ్వడానికి, తీసుకెళ్ళడానికి 9.30 నుంచి 10.30 లోపే రమ్మని చెప్పడం కూడా గిరాకీని తరిమేయదు. ఇంటిపని చేసుకుంటూ మాట్లాడగలిగే వేళ అదే కాబట్టి మంచి గంటలు కటింగుకు మిగులుతాయి. అసలైన చిక్కు గడువు పెట్టే శక్తి లేనివాళ్ళది. మధ్యవర్తి సరుకిచ్చి రేపు పొద్దునకల్లా కావాలనే చోట, నచ్చని వాటికి కూలి కోసేసే చోట ఎంత తెలివిగా టైంటేబుల్ వేసుకున్నా లాభం ఉండదు. నిజామాబాదు, సిరిసిల్ల వైపు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు పనిని మధ్యలో ఆపుకునే వీలుంది. కానీ కూలి, సరుకు, లెక్క అన్నీ అవతలివాళ్ళ చేతిలో ఉంటాయి, పొగాకు ధూళి పిల్లలు పడుకునే గదిలోనే తిరుగుతుంది. ఇంట్లో కూర్చుని ఇతరుల కోసం చేసే పనికీ కార్మిక హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక తెచ్చింది, మన దేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు. అక్కడ కావాల్సింది ఇల్లాలి సర్దుబాటు కాదు, చట్టం.

చివరి అభ్యంతరం, ఇంత చిన్న ఆదాయానికి అలవాటు పడితే మనిషి అక్కడే ఆగిపోతుందేమోనని. ఆ భయం నిజమే కనుక, పని ఎంచుకోవడంలో గడువు తర్వాత చూడాల్సింది ఆ పనిలో చేయి పెరుగుతుందా లేదా అన్నది. వెయ్యి బీడీలు చుట్టినా, ఏడాది పాటు ప్యాకెట్లకు లేబుళ్ళు అంటించినా గంట విలువ పెద్దగా మారదు. కుట్టుపనిలో మొదట ఫాల్, తర్వాత లైనింగ్ జాకెట్టు, ఆ పైన ప్యాటర్ను మెడలు, మగ్గం పని జాకెట్లకు కుట్టుబడి అంటూ ఒక్కో మెట్టుకూ కూలి పెరుగుతుంది. అటు ఖాళీ కూడా పెరుగుతుంది. చిన్నవాడు ఆరో తరగతికి వచ్చి అక్కతో పాటే 4.30కి దిగడం మొదలయ్యాక మధ్యాహ్నం విడతకు మరో గంట పైన చేరుతుంది. అప్పటికి చేతిలో పనితనం, వీధిలో మంచి పేరు ఉన్న మనిషి ఆ గంటను ఎక్కువ ధరకు అమ్ముకోగలదు. అందుకే ప్రతి జూన్‌లో పిల్లల కొత్త టైంటేబుల్ చేతికొచ్చిన రోజే తన రెండు విడతలనూ మళ్ళీ కొలుచుకోవాలి, దసరాకు, సంక్రాంతికి ఆర్డర్లు ఆపే తేదీలు అప్పుడే రాసుకోవాలి, కూలి పెంచేదీ అప్పుడే తేల్చుకోవాలి. ఏడాదికి ఒకసారి ఈ లెక్క వేసుకునే ఇల్లాలు ఖాళీ వేళల్లో ఏదో చేసుకునే మనిషి కాదు, తన సమయం విలువ ఎంతో తెలిసి పని ఒప్పుకునే మనిషి.